భుజం కొలత మారదు

ఐదో నెల దాటిన గర్భిణి బట్టల కొట్టుకు వెళ్తే సేల్స్ అమ్మాయి మొదట అడిగేది, "మామూలుగా ఏ సైజు వేసుకుంటారు మేడమ్?" అని. "మీడియం" అనగానే ఒకసారి పొట్టకేసి చూసి డబుల్ ఎక్సెల్ తీసుకొచ్చి ముందు పెడుతుంది. పక్కనున్న అత్తగారో అమ్మో కూడా, "ఇంకా పెరుగుతుందమ్మా, ఓ రెండు సైజులు పెద్దదే తీసుకో" అంటారు. సరేనని తీసుకెళ్లి ఇంట్లో వేసుకుంటే పొట్ట దగ్గర మాత్రం పడుతుంది. భుజం కుట్టు చేతి మీదికి జారుతుంది, మెడ వెడల్పై వంగినప్పుడల్లా సర్దుకోవాల్సి వస్తుంది, చంక దగ్గర బట్ట సంచిలా వేలాడుతుంది. ఇంత పెద్ద సైజు కొన్నా కుర్తీ ముందు అంచు మోకాలి పైకి లేచి, వెనక అంచు కిందికి దిగి కనిపిస్తుంది. అప్పుడు ఇంకా పెద్దది కొనాలేమో అనిపిస్తుంది. నిజానికి అక్కడ కావాల్సింది పెద్ద సైజు కాదు, వేరే కత్తిరింపు.

రెడీమేడ్ బట్టల్లో ఒక సైజు నుంచి తర్వాతి సైజుకు వెళ్లేటప్పుడు ఛాతీ, నడుం, సీటు మూడూ సుమారు రెండేసి అంగుళాలు పెరుగుతాయి. వాటితోపాటు భుజం అర అంగుళం దాకా పెరుగుతుంది, మెడ కాస్త వెడల్పవుతుంది, చంక లోతవుతుంది. అంటే మనిషి ఒళ్లంతా ఒకే తీరుగా పెరుగుతుందన్న లెక్క మీద ఆ సైజులు తయారవుతాయి. గర్భిణి శరీరం అలా పెరగదు. ఆమె భుజాల వెడల్పు తొమ్మిది నెలలూ ఒకటే. పెరిగేవి ఛాతీ, పక్కటెముకల చుట్టుకొలత, పొట్ట, కొంతవరకు సీటు. వీటిలో అన్నిటికంటే ఎక్కువగా పెరిగే పొట్ట కూడా చుట్టూ సమానంగా కాకుండా ముందుకే పెరుగుతుంది.

ఒక ఉదాహరణ అంకెలతో చూద్దాం. విజయవాడలో ఉద్యోగం చేసే ఒక అమ్మాయి ఉందనుకోండి. గర్భానికి ముందు ఆమె ఛాతీ 36 అంగుళాలు, నడుం 30, సీటు 38, భుజం 14.5. ఆమె వేసుకునే మీడియం కుర్తీని పరిచి కొలిస్తే ఛాతీ దగ్గర 39, పొట్ట దగ్గర 36 వచ్చింది. ఎనిమిదో నెలలో ఆమె ఛాతీ 39 అయింది, బొడ్డు మీదుగా చుట్టుకొలత 41 అయింది. కూర్చున్నప్పుడు పట్టకుండా ఉండాలంటే పొట్ట దగ్గర బట్ట కనీసం 43 ఉండాలి. మీడియంలో ఉన్నది 36 కాబట్టి ఏడంగుళాలు తక్కువ. సైజుకు రెండంగుళాల చొప్పున పెరిగితే లార్జ్, ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ కూడా చాలక త్రిబుల్ ఎక్సెల్ దాకా వెళ్లాలి. అక్కడ భుజం 16.5 అయిపోతుంది. ఛాతీ 47 అవుతుంది. ఆమెకు ఛాతీ దగ్గర కావాల్సింది 42 మాత్రమే. పొట్ట కోసం కొన్న కుర్తీలో పై సగమంతా వేరే మనిషి కొలత.

అదే గర్భిణుల కోసం ప్రత్యేకంగా కత్తిరించిన మీడియం కుర్తీలో భుజం ఆ 14.5 దగ్గరే ఉంటుంది. ఛాతీకి కాస్త చోటు ఇస్తారు. అదనపు బట్టంతా ఛాతీ కింద కుచ్చులుగానో, రెండు పక్కల కుట్టుల్లో సన్నని ముడతలుగానో పెడతారు. పొట్ట పెరిగేకొద్దీ ఆ ముడతలు విచ్చుకుంటాయి. అందుకే గర్భిణుల దుస్తులు తయారుచేసే బ్రాండ్లు చాలావరకు "మీరు గర్భానికి ముందు వేసుకున్న సైజే ఎంచుకోండి" అని సైజు పట్టికలో రాస్తాయి. పెరిగే పొట్టను ఆ సైజులోనే కలిపేశారు కాబట్టి మనం మళ్లీ కలుపుకుంటే రెండుసార్లు కలిపినట్టవుతుంది.

ముందు అంచు పైకి లేవడం దీనికంటే లోతైన సమస్య. భుజం నుంచి అంచు దాకా ముందు వైపు బట్ట పొట్ట మీదుగా ఎక్కి దిగాలి. వెనక బట్ట నేరుగా దిగుతుంది. ముందు వైపు దూరం ఎక్కువ, బట్ట మాత్రం రెండు వైపులా ఒకే పొడవు. అందువల్ల ఎంత వెడల్పైన సైజు కొన్నా ముందు అంచు లేస్తూనే ఉంటుంది. ఈ సమస్యకు అమెరికాలో ఒక అక్కాచెల్లెళ్ల జంట వెతికిన పరిష్కారం నాకు చాలా నచ్చుతుంది. ఇవాళ తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటున్న డాలస్ నగరంలోనే, 1930లలో ఎల్సీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే యువతి గర్భవతి అయిన తన అక్క ఎడ్నా వేసుకున్న స్కర్టు ఎబ్బెట్టుగా లేచి ఉండటం చూసింది. స్కర్టు ముందు వైపు పొట్ట వచ్చే చోట కిటికీలా కత్తిరించి, నడుం దగ్గర కట్టుకునే వీలు పెట్టింది. పైన వదులు జాకెట్ వేసుకుంటే ఆ ఖాళీ కనిపించదు, కింది అంచు సమంగా నిలుస్తుంది. దానికి పేటెంటు తీసుకుని, 1938లో 'పేజ్ బాయ్' పేరుతో గర్భిణుల దుస్తుల కంపెనీ పెట్టారు. తర్వాత సాగే బట్టలు వచ్చాక కిటికీ స్థానంలో ఎలాస్టిక్ గుడ్డ వచ్చింది. ఇప్పటి గర్భిణుల ప్యాంట్లలో పొట్టమీద కప్పే మెత్తని పట్టీ ఆ ఆలోచనకు కొనసాగింపే. కుర్తీలకైతే ముందు భాగం వెనకకంటే రెండు మూడంగుళాలు పొడవుగా కత్తిరిస్తే చాలు.

మన మార్కెట్లో ఒక చిక్కుంది. 'మెటర్నిటీ' అని రాసి ఉన్న కుర్తీలు, నైటీలు చాలావరకు నిజానికి పాలిచ్చే తల్లుల కోసం చేసినవి. మామూలు కుర్తీకి ఛాతీ దగ్గర రెండు జిప్పులు పెట్టి అమ్ముతారు. పొట్టకు అదనపు బట్ట ఉండదు. వాటిని పాత సైజులో కొంటే ఏడో నెలకే పట్టేస్తాయి. తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. కుర్తీని భుజాల దగ్గర పట్టుకుని వేలాడదీస్తే ముందు అంచు వెనకకంటే కిందికి దిగాలి. లేదా ఛాతీ కింద కుచ్చులో, పక్క కుట్టుల్లో ముడతలో కనిపించాలి. ఈ రెండూ లేకుండా జిప్పులు మాత్రమే ఉంటే దాన్ని మామూలు కుర్తీగానే లెక్కవేసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పట్టికలో ఇచ్చింది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది చూసుకోవాలి. 38 అన్నది ఒంటి కొలతైతే బట్ట 40 పైన ఉంటుంది. బట్ట కొలతే 38 అయితే 38 ఛాతీ ఉన్న మనిషికి అది బిగుతు. ఆ సంగతి రాయని చోట, మీకు బాగా కుదిరిన పాత కుర్తీని పరిచి టేపుతో కొలిచి, ఆ అంకెలతో పోల్చుకోవడం మంచిది.

ఇక ఏ నెలలో ఏం కొనాలన్నది. మొదటి మూడు నెలల్లో పొట్ట కోసం ఏమీ కొనక్కర్లేదు. పన్నెండో వారం దాకా గర్భసంచి కటి ఎముకల లోపలే ఉంటుంది. బరువు కూడా అర కిలో నుంచి రెండు కిలోలకు మించి పెరగదు. వేవిళ్లు ఎక్కువైనవాళ్లు తగ్గుతారు కూడా. అయినా సాయంత్రానికి నడుం పట్టేసినట్టు ఉంటుందంటే కారణం హార్మోన్ల ప్రభావంతో జీర్ణం నెమ్మదించి కడుపు ఉబ్బడం. అది పొద్దున్నకు తగ్గుతుంది. మూడో నెల దాటేదాకా బయటికి చెప్పని ఇళ్లలో, ఉన్న బట్టల్లోనే వదులైనవి వేసుకుంటే సరిపోతుంది. జీన్స్ గుండీ పట్టకపోతే ఒక రబ్బరు బ్యాండును కాజాలోంచి దూర్చి, రెండు కొసలూ గుండీకి తగిలించి, పైన పొడవాటి కుర్తీ వేసుకోవచ్చు. ఈ దశలో నిజంగా కొనాల్సింది ఒకటే, బ్రా. ఛాతీ పెరగడం, నొప్పిగా ఉండటం పొట్టకంటే ముందే మొదలవుతాయి.

మధ్య మూడు నెలలే కొనుగోలుకు సరైన కాలం. ఇరవయ్యో వారానికి గర్భసంచి పైఅంచు బొడ్డు దగ్గరికి వస్తుంది. మొదటి కాన్పువాళ్లకు సుమారు ఇప్పుడే బట్టల్లో తేడా తెలుస్తుంది. రెండో కాన్పులో పొట్ట కండరాలు అప్పటికే వదులై ఉండటంతో ఇంకా ముందే తెలుస్తుంది, కవలలైతే మరీ ముందు. ఐదో నెలలో రెండు మూడు కుర్తీలు, రెండు లెగ్గింగ్స్ కొని, మిగతావి ఏడో నెలలో అప్పటి కొలతతో కొనుక్కుంటే డబ్బు వృథా కాదు. మూడో నెలలోనే తొమ్మిదో నెలకు ఊహించి కొన్నవాటిలో సగం బీరువాలో ఉండిపోతాయి.

అన్నీ గర్భిణుల కత్తిరింపువే కొనాలని కూడా లేదు. మన దగ్గర దొరికే అంబ్రెల్లా కుర్తీలు, అనార్కలీలు, ఛాతీ కిందే కుట్టు వచ్చి అక్కణ్నుంచి కుచ్చులతో విడిపోయే ఫ్రాక్ మోడల్స్ పొట్టకు చోటిచ్చేలానే ఉంటాయి. ఇవి మీ పాత సైజులో, ఛాతీ బాగా పెరిగితే ఒక్క సైజు పెద్దవి కొంటే ఎనిమిదో నెల దాకా వస్తాయి. కాన్పయ్యాకా వేసుకోవచ్చు. పనికిరానివి నిటారుగా దిగే కుర్తీలు. వాటి పక్క కట్స్ దగ్గర చూస్తే సంగతి తెలిసిపోతుంది. పొట్ట పెరిగాక అవి కత్తెర నోరులా తెరుచుకుని, పక్క కుట్టు ముందుకు లాగుకుంటుంది. పక్క కుట్టు చంక కింద నేరుగా దిగకుండా పొట్టవైపు వంగిందంటే ఆ బట్టకు ముందు భాగంలో చోటు చాలలేదన్నమాట. అదే ముడతలు చంక నుంచి ఛాతీ వైపు అడ్డంగా వస్తే ఛాతీ దగ్గర బిగుతు. భుజం కుట్టు ఎముక దాటి చేతి మీదికి జారితే సైజు ఎక్కువైంది.

లెగ్గింగ్స్, ప్యాంట్ల విషయంలో పాత సైజు నియమం ఇంకా గట్టిగా పనిచేస్తుంది. పెద్ద సైజు మామూలు లెగ్గింగ్స్ కొంటే తొడల దగ్గర బట్ట ముడతలు పడుతుంది, నడుం ఎలాస్టిక్ మాత్రం పొట్టను నొక్కుతూనే ఉంటుంది. పొట్ట మొత్తం కప్పే వెడల్పాటి మెత్తని పట్టీ ఉన్నవి తొడ, సీటు కొలతలకు సరిపోయే పాత సైజులోనే తీసుకోవాలి. సాయంత్రం విప్పాక ఎలాస్టిక్ అచ్చు అరగంటైనా పోకపోతే అది బిగుతు. ఎండాకాలంలో పొట్టమీద అదనపు పొర భరించలేనివాళ్లకు పొట్ట కిందే ఆగే రకం ఉంది. కాకపోతే నడిచేటప్పుడు కిందికి జారుతుంటుంది.

పాత సైజు సరిపోని సందర్భాలూ చెప్పాలి. మామూలు బరువున్న స్త్రీ గర్భంలో మొత్తం 11.5 నుంచి 16 కిలోల దాకా పెరగడం సహజమన్నది అమెరికా వైద్య నిపుణుల సంఘం 2009లో ఇచ్చిన లెక్క. గర్భిణుల కత్తిరింపు దాదాపు ఆ మేరకు పెరుగుదలను ఊహించి చేస్తారు. అంతకు మించి పెరిగి చేతులు, తొడలు కూడా లావైతే, లేదా ముందునుంచీ రెండు సైజుల మధ్య ఉన్నవాళ్లైతే, కవలలైతే ఒక సైజు పైకి వెళ్లాలి. అప్పుడైనా ఒక్క సైజే.

చివరి మూడు నెలల్లో మన ఇళ్లలో బట్టల సమస్య అంటే చీర, జాకెట్టు. ఐదో నెలలోనో, ఏడులోనో, తొమ్మిదిలోనో శ్రీమంతం చేస్తారు. పట్టుచీర ఎవరికైనా సరిపోతుంది, ఇబ్బందంతా జాకెట్టుతో. జాకెట్టు పొట్టదాకా రాదు కదా అనుకుంటారు గానీ, గర్భంలో పక్కటెముకలు బయటికి విచ్చుకుని ఛాతీ గూడు చుట్టుకొలత ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు, అంటే రెండు నుంచి దాదాపు మూడంగుళాలు పెరుగుతుంది. దీనికి కొవ్వుతో సంబంధం లేదు, సన్నగా ఉన్నవాళ్లకూ పెరుగుతుంది. అందుకే జాకెట్టు కింది పట్టీ ఊపిరాడనివ్వదు.

మన టైలర్లు జాకెట్టు పక్కల్లో లోపల బట్ట వదిలి రెండు మూడు వరసలు కుట్టు వేస్తారు. అవసరమైనప్పుడు ఒక వరస విప్పుకోవడానికే ఆ ఏర్పాటు. ఒక వరస విప్పితే ఎంత వస్తుందో లెక్క కడదాం. వరసల మధ్య పావు అంగుళం ఉంటే ఒక పక్క ముందు ముక్కకు పావు, వెనక ముక్కకు పావు, అలా రెండు పక్కలా కలిపి మొత్తం అంగుళం. రెండు వరసలు విప్పితే రెండంగుళాలు. కింది పట్టీకి ఇది సరిపోతుంది. ఛాతీకి మాత్రం పూర్తిగా సరిపోదు. ఎందుకంటే విప్పిన బట్టలో సగం వీపుకు పోతుంది, పెరుగుదలంతా ముందుంది. ముందు ముక్కలో డాట్లు పాత కొలతకే వేసి ఉంటాయి కాబట్టి ఛాతీ దగ్గర జాకెట్టు పైకి లేస్తుంది, హుక్కుల మధ్య బట్ట నోరు తెరుస్తుంది. హుక్కుల పట్టీకి ఇంకో పట్టీ జోడిస్తే ముందు వైపే ముప్పావు అంగుళం దాకా దొరుకుతుంది. అంతకంటే ఎక్కువ జోడిస్తే డాట్లు పక్కకు జరిగి అందం చెడుతుంది. పక్కలు విప్పేటప్పుడు చేతి కుట్టు కూడా అంతే విప్పాలి. లేకపోతే చంక కింద లాగుతుంది.

శ్రీమంతానికి కొత్త జాకెట్టు కుట్టిస్తే కొలతలు వేడుకకు రెండు వారాల ముందు మాత్రమే ఇవ్వాలి. అంతకు నెల ముందిచ్చిన కొలత పనికిరాదు. పక్కల్లో అంగుళం చొప్పున బట్ట వదలమని గట్టిగా చెప్పాలి. పట్టుబట్టలో కుట్టు విప్పినచోట సూది రంధ్రాలు కనిపిస్తాయి. అవి చంక కింద ఉంటాయి కాబట్టి పరవాలేదు. ముందు డాట్లు విప్పితే మాత్రం రంధ్రాలు నేరుగా కనిపిస్తాయి. కాబట్టి డాట్లను తర్వాత మార్చాలన్న ఆలోచన పెట్టుకోకూడదు. లంగా బొందును నడుం మీద బిగించి కట్టుకునే అలవాటును ఈ నెలల్లో మానుకోవాలి. సన్నని బొందు తీసేసి, రెండంగుళాల వెడల్పు మెత్తని పట్టీ కుట్టించుకుని పొట్ట కింద కట్టుకుంటే కుచ్చిళ్ల బరువు పొట్ట మీద పడదు. చీర బిగుతుగా ఒంటిని అంటేందుకు వేసుకునే సాగే లంగాలు ఈ సమయంలో వద్దు.

బ్రా కొలతలో మామూలు నియమం తలకిందులవుతుంది. మామూలప్పుడు కొత్త బ్రా అన్నిటికంటే బయటి హుక్కుకు సరిపోవాలి. వాడగా సాగుతుంది కాబట్టి లోపలి హుక్కులకు వెళ్తాం. గర్భంలో సాగేది పక్కటెముకల గూడు. కాబట్టి కొత్తది అన్నిటికంటే లోపలి హుక్కుకు సరిపోవాలి, పెరిగేకొద్దీ బయటికి వెళ్లొచ్చు. అదీ చాలకపోతే హుక్కులకు తగిలించే చిన్న ఎక్స్‌టెండర్ ముక్క దొరుకుతుంది. దానితో ఇంకో అంగుళమో రెండో వస్తుంది. పాలిచ్చేందుకు వాడే బ్రా తొమ్మిదో నెలలో కొనాలి. దానికి మళ్లీ పాత నియమమే, బయటి హుక్కు. కాన్పయ్యాక గూడు దగ్గరికి వస్తుంది, పాలు దిగి కప్పు పెరుగుతుంది. అందువల్ల కప్పులో ఒక అరచెయ్యి పట్టేంత చోటు ఉండాలి.

సైజుతో సంబంధం లేని బిగుతు ఒకటుంది. శ్రీమంతంలో వేసుకున్న గాజులు, వేలి ఉంగరం, చెప్పులు ఒకట్రెండు రోజుల్లో హఠాత్తుగా పట్టేసి, ముఖం ఉబ్బి, తలనొప్పో కళ్లు మసకబారడమో ఉంటే పెద్ద సైజు చెప్పులు కొనే పని కాదు. ఆ రోజే డాక్టరుకు రక్తపోటు చూపించుకోవాలి.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చే రోజుకు పాత బట్టలు సర్దిపెట్టుకునేవాళ్లు చాలామంది. కాన్పైన వెంటనే పొట్ట ఐదారు నెలల గర్భంలానే ఉంటుంది. గర్భసంచి మామూలు స్థితికి రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. కాబట్టి ఆ సంచిలో ఆరో నెలలో వేసుకున్న కుర్తీలు, ముందు తెరుచుకునే నైటీలు పెట్టుకోవాలి. ప్యాంటు, లెగ్గింగ్స్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో నలభై రెండు సిజేరియన్లే. ఆ కోత పొత్తికడుపు కింద అడ్డంగా ఉంటుంది, మామూలు లెగ్గింగ్స్ నడుం పట్టీ, పొట్ట కింద ఆగే రకం ప్యాంటు ఎలాస్టిక్ రెండూ సరిగ్గా అక్కడే ఒరుసుకుంటాయి. ఐదో నెలలో కొనేటప్పుడే రెండింటిలో ఒకటైనా పొట్ట పైదాకా కప్పేది ఎంచుకుంటే, దాని పట్టీ కుట్టుకు పైన నిలిచి, మానేదాకా అదే వాడుకోవచ్చు. జాకెట్టులో విప్పిన వరసలను పాలు మాన్పించేదాకా మళ్లీ కుట్టించొద్దు. ఛాతీ కొలత అప్పటిదాకా నిలకడగా ఉండదు.